నెలకు సరిపడా ఉల్లి, దుంప, వెల్లుల్లి: ఏది ఎక్కువగా కొనొచ్చు, ఏది వద్దు

వినాయక చవితి వెళ్లాక విజయనగరంలో ఏ హోల్‌సేల్ కొట్టుకి వెళ్లినా ఉల్లిపాయలు రెండు కుప్పలుగా కనిపిస్తాయి. ఒకటి నాసిక్ పాతవి, రెండోది కర్నూలు కొత్తవి. కొత్తవి ఎర్రగా, నున్నగా, పెద్దగా ఉంటాయి. పాతవి కాస్త వెలిసిపోయి, పొట్టు రాలుతూ ఉంటాయి. పైగా ధర ఎక్కువ. మా తోటికోడలు, ఎదురింటి పిన్ని, నేను ముగ్గురం కలిసి నెలకోసారి బస్తా తెచ్చి పంచుకుంటాం. మూడిళ్లకీ కలిపి 45 కిలోలు సరిపోతాయి. రెండేళ్ల క్రితం ఇదే రోజుల్లో, చూడ్డానికి బాగున్నాయి, ధరా తక్కువని కొత్తవే బస్తా తెచ్చేశాం. నెల తిరిగేసరికి 15 కిలోలు పారేశాం. వాటిలో సగం కుళ్లినవి, సగం మెత్తబడి మొలకలొచ్చినవి. అప్పటి నుంచి కొనేముందు కొంచెం లెక్క వేయడం మొదలుపెట్టాను.

పాతవీ కొత్తవీ ఒకే పంట కావు. నాసిక్ పాతవి రబీ పంట. మార్చి నుంచి మే లోపు ఎండల్లో తవ్వుతారు. తవ్విన తర్వాత కాడ బాగా ఎండి మూసుకుపోయేదాకా ఉంచి, ఆ తర్వాత గాలి ఆడే కొట్టాల్లో పోస్తారు. అందుకే వాటికి పొట్టు రెండు మూడు పొరలుంటుంది, నీరు తక్కువ, నాలుగైదు నెలలు ఆగుతాయి. కర్నూలు నుంచి ఈ రోజుల్లో వచ్చేవి ఖరీఫ్ పంట. వానల్లో పెరిగి, చాలాసార్లు వానల్లోనే తవ్వినవి. ఎండబెట్టుకునే వీలు రైతుకి ఉండదు, పచ్చికాడ కోసేసి సంచుల్లోకి ఎత్తేస్తారు. ఆ పాయలో నీరెక్కువ, పైన పొట్టు ఒక్క పొర. రుచిలో లోటేమీ లేదు, పకోడీకి కోస్తే కరకరలాడతాయి. కానీ అవి రెండు వారాల సరుకు. నెలరోజులుంచే సరుకు కాదు.

ఇక లెక్క. మొన్న వెళ్లినప్పుడు పాతవి కిలో 30, కొత్తవి 22 చెప్పాడు. 45 కిలోలకి పాతవైతే 1,350, కొత్తవైతే 990. తేడా 360 రూపాయలు అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ పాతవాటిలో నెలకి నాలుగు కిలోలు పోతాయని మా అనుభవం. మిగిలే 41 కిలోలకి 1,350 అంటే కిలో దాదాపు 33 పడింది. కొత్తవాటిలో 15 కిలోలు పోతే మిగిలేది 30, దానికి 990 అంటే కిలో సరిగ్గా 33. రెండూ ఒకటే అయ్యాయి. పైగా కుళ్లినవి ఏరే పని, ఆ వాసన మనకే మిగులుతాయి.

అందుకని ఈసారి రెండూ కలిపి తీసుకున్నాం. మొదటి పది రోజులకి కొత్తవి 15 కిలోలు, అంటే 330. మిగతా ఇరవై రోజులకి పాతవి 30 కిలోలు, అంటే 900. మొత్తం 1,230. కొత్తవి పాడయ్యేలోపే అయిపోతాయి కాబట్టి అందులో కిలో పోతుంది, పాతవాటిలో మూడు కిలోలు పోతాయి అనుకున్నాం. మిగిలే 41 కిలోలకి కిలో 30 పడుతుంది. మీ ఊళ్లో ధర వేరుగా ఉంటుంది, అయినా లెక్క ఇలాగే వేయండి. పాతవాటికీ కొత్తవాటికీ తేడా రెండు మూడు రూపాయలే అయితే ఇంకేం ఆలోచించకుండా పాతవే తీసుకోండి.

బస్తా ముందు నిలబడినప్పుడు

కొట్టువాడు బస్తా మూతి విప్పి పైన ఉన్నవి చూపిస్తాడు. పైన ఉన్నవి ఎప్పుడూ బాగానే ఉంటాయి. ముందు చూడాల్సింది బస్తా అడుగు. వల సంచికి కింద తడి మరక గానీ, నల్లటి పొడి అంటుకున్నట్టు గానీ ఉంటే పక్క బస్తా అడగండి. తర్వాత ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూడండి. మంచి ఉల్లి బస్తాకి ఎండుపొట్టు వాసన తప్ప ఇంకేమీ ఉండదు. పుల్లటి వాసన వచ్చిందంటే లోపల ఒకటో రెండో నీరుగారుతున్నాయి, ఇంటికి చేరేలోపు అవి పక్కవాటికి అంటిస్తాయి. ఒకసారి ఇల్లు మారిన సందడిలో వాసన చూడకుండా బస్తా తెచ్చి అటక మీద పెట్టించాం. పది రోజులకి అటక చెక్క సందుల్లోంచి గోధుమరంగు నీళ్లు కింద బియ్యం డబ్బా మీద పడ్డాయి. డబ్బా మూత గట్టిది కాబట్టి బియ్యం బతికాయి.

వాసన బాగుంటే పైనుంచి మూడు, చెయ్యి లోపలికి పెట్టి మధ్యలోంచి నాలుగు, అడుగునుంచి మూడు, మొత్తం పది పాయలు తీయించండి. ఒక్కోదాన్ని కాడ కోసిన చోట, అంటే మెడ దగ్గర, బొటనవేలితో నొక్కండి. మెడ సన్నగా, గట్టిగా, కాగితంలా ఎండి ఉండాలి. వేలికి మెత్తగా లోపలికి దిగితే కుళ్లు అక్కడి నుంచే మొదలవుతుంది, పక్కలు ఎంత గట్టిగా ఉన్నా సరే. మెడ బొటనవేలంత లావుగా ఉన్నవి కూడా ఆగవు, ఎందుకంటే అంత లావు కాడ లోపలిదాకా ఎండదు. రెండు పాయలు అతుక్కుని ఒకే పొట్టులో ఉన్న జంటలు నిలవకి వద్దు. ముందు వండుకోడానికైతే పర్వాలేదు. పొట్టు మీద నల్లటి మసిలాంటి బూజు ఉంటే ఒక పొర ఒలిచి చూడండి. పొట్టు మీదే ఉంటే కడిగి వాడుకోవచ్చు, లోపలి పొరకి దిగితే వద్దు. అడుగున వేళ్ల చోట తెల్లగా కొత్త వేళ్లు పొడిచాయంటే ఆ సరుకు తడిసిందని అర్థం.

నేను అలా నొక్కుతుంటే కొట్టులో పెద్దాయన నవ్వాడు.

"ఏటమ్మా, పెళ్లిచూపుల్లాగ చూస్తన్నారు? అన్నీ పాతవే, నెల్రోజులుంచినా ఏటీ అవదు."

"అయితే ఒకటి కోసి చూపించండి బాబూ, దానికి డబ్బులిస్తాను" అన్నాను.

అసలు విషయం కోస్తేనే తెలుస్తుంది. కూరకి తరిగినట్టు అడ్డంగా కాదు, మెడ నుంచి వేళ్లదాకా నిలువుగా కోయాలి. మధ్యలో మొలక కనబడుతుంది. అది తెల్లగా గానీ లేత పసుపుగా గానీ ఉండి, పాయ ఎత్తులో సగం లోపే ఉంటే నెలరోజులకి భయం లేదు. పచ్చరంగు తిరిగి మెడదాకా ఎక్కిందంటే పది పదిహేను రోజుల్లో బయటికొస్తుంది. బయటికి మొలక కనబడని పాయలో కూడా లోపల అది సిద్ధంగా ఉండొచ్చు, అందుకే పైపైన చూసి తీసుకుంటే మోసపోతాం. రెండు మూడు కోయండి. ఒకటి పచ్చగా, రెండు తెల్లగా ఉంటే బస్తాలో మూడో వంతు త్వరగా వాడాలని లెక్క వేసుకుని ధర మాట్లాడండి. ఆయన మూడు కోశాడు, మూడూ తెల్లగానే ఉన్నాయి. నవ్వడం మాత్రం మానలేదు.

ఇక్కడ మన వాతావరణం గురించి ఒక మాట. ఎండకి ఉల్లి మొలకెత్తేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఉల్లి ఎక్కువగా మొలకెత్తేది 10 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో. ముప్ఫై డిగ్రీల వేడిలో నిద్రపోతుంది, బరువు మాత్రం కొంచెం తగ్గుతుంది. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో రబీ ఉల్లి బస్తా తెచ్చుకుంటే నెల కాదు, రెండు నెలలైనా హాయిగా ఉంటుంది. వానాకాలంలో మన పెద్ద సమస్య మొలక కాదు, తేమ. సముద్రపు గాలికి శ్రీకాకుళం, భోగాపురం వైపు ఇళ్లలో ఉప్పు చెమర్చే రోజుల్లో ఉల్లికి బూజు, కుళ్లు పడతాయి. సంక్రాంతి చలి రోజుల్లో రెండు ఇబ్బందులు కలుస్తాయి. అప్పుడు దొరికేది ఖరీఫ్ పంటే, రాత్రి చల్లదనమూ మొలకకి సరిపోతుంది. పండక్కి చుట్టాలొస్తారని డిసెంబరులోనే బస్తా తెచ్చి పెట్టుకోవడం వృథా. వారానికి వారం తెచ్చుకోవడమే మంచిది.

బంగాళాదుంప: ఈ నెలలో బస్తా వద్దు

ఉల్లిలా దుంప కూడా బస్తా తెచ్చేద్దామని మా తోటికోడలు అంది. నేను వద్దన్నాను. సెప్టెంబరులో మన వైపు వచ్చే దుంపలు ఎక్కువగా బెంగాల్, ఆగ్రా వైపువి. అవి చలికాలం చివర తవ్వి, అప్పటి నుంచి కోల్డ్ స్టోరేజీలో 2 నుంచి 4 డిగ్రీల చలిలో పెట్టినవి. తవ్విన దుంప మామూలుగా రెండు నెలలు నిద్రపోతుంది, ఆ తర్వాత మొలకెత్తాలనే చూస్తుంది. ఆరు నెలలుగా దాన్ని చలి ఒక్కటే ఆపింది. లారీలో మన ఎండలోకి వచ్చిన రోజు నుంచి దానికి అడ్డు లేదు. బయటికి తీసిన తర్వాత రెండు వారాల్లో కళ్లు పొడుచుకొస్తాయి. మూడో వారానికి మెత్తబడి ముడతలు పడతాయి.

దుంపని చేతిలోకి తీసుకుని, కళ్లు ఎక్కువగా గుంపుగా ఉన్న కొస వైపు వెలుతురుకి తిప్పి చూడండి. కన్ను గుంటలా లోపలికి ఉంటే ఇంకా నిద్రలో ఉన్నట్టే. గుంటలో ఆవగింజంత తెల్లటి బొడిపె కనబడితే మొదలైపోయింది. పది దుంపల్లో మూడింటికి ఆ బొడిపె ఉంటే పది రోజులకి మించి తీసుకోవద్దు. కొందరు కొట్టువాళ్లు మొలకలు గిల్లేసి కుప్ప పోస్తారు. కన్ను మధ్యలో చిన్న గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ తాజా తడి ఉంటే అలా గిల్లినట్టే. గిల్లిన చోట మళ్లీ ఒకటికి రెండు వస్తాయి. దుంప పైన తడిగా, చెమట పట్టినట్టుంటే ఆ ఉదయమే కోల్డ్ స్టోరేజీ సరుకు దిగిందన్నమాట. దాన్ని అలాగే సంచిలో కట్టేస్తే కుళ్లుతుంది, ఇంట్లో పరిచి ఆరబెట్టాలి.

చలిలో ఉన్న దుంపకి ఇంకో గుణం ఉంది. దానిలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. వేపుడు చేస్తే లోపల ఉడకకుండానే పైన నల్లబడిపోతుంది, తింటే తియ్యగా ఉంటుంది. మామూలు వేడిలో రెండు వారాలు ఉంచితే ఆ తీపి తగ్గుతుంది. కానీ ఆ రెండు వారాల్లోనే మొలక వచ్చేస్తుంది. అందుకే దుంపని మన ఇంటి ఫ్రిజ్‌లో పెట్టడం కూడా దండగ. మొలక ఆగుతుంది గానీ వేపుడు పాడవుతుంది. ఫ్రిజ్ దుంప కూరకో కుర్మాకో అయితే ఫర్వాలేదు.

దుంప బస్తా తెచ్చుకోవాలంటే ఫిబ్రవరి చివర, మార్చిలో. అప్పుడు కొత్త దుంప వస్తుంది, దాని నిద్ర ఇంకా మిగిలి ఉంటుంది. అప్పుడు చూడాల్సింది మొలక కాదు, తొక్క. బొటనవేలితో గట్టిగా రుద్దితే తొక్క పొరలా ఊడొస్తే అది లేత దుంప, వారం పది రోజులకే. రుద్దినా ఊడకుండా ఉంటే ముదిరి, తొక్క గట్టిపడింది. అది నెల ఉంటుంది. మట్టి అంటుకుని ఉన్నదే తీసుకోండి. కడిగి మెరిపించిన దుంప నిలవకి పనికిరాదు.

పచ్చగా తిరిగిన దుంప గురించి మాత్రం పిసినారితనం వద్దు. వెలుతురు తగిలిన చోట తొక్క పచ్చబడుతుంది, అక్కడ సోలనిన్ అనే విషపదార్థం చేరుతుంది. ఉడికించినా, వేయించినా అది పోదు. చిన్న మచ్చయితే లోతుగా కోసి తీసేయవచ్చు. సగం దుంప పచ్చబడినా, పొడుగు మొలకలు వచ్చి ముడతలు పడినా పారేయండి. ఉల్లి, వెల్లుల్లి మొలకెత్తితే తినొచ్చు, దుంప విషయంలో అలా కాదు. మొన్న మేం మూడిళ్లకీ పన్నెండు కిలోలే తెచ్చి, రెండు వారాల తర్వాత మళ్లీ తెచ్చుకున్నాం. కిలోకి రెండు రూపాయలు ఎక్కువ పడింది, అంతే.

వెల్లుల్లి: పాయలా, రెబ్బలా

వెల్లుల్లి ధర ఎక్కువ, వాడకం తక్కువ, కాబట్టి చాలామంది చూడకుండానే తెచ్చేస్తారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్ వైపు నుంచి వచ్చే పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు తవ్వుతారు. మనవాళ్లు ఆవకాయ పెట్టే రోజుల్లో అది బాగా ఎండి దొరుకుతుంది, అప్పుడు నాలుగు నెలలకి తెచ్చుకున్నా నష్టం లేదు. సెప్టెంబరులో అదే పంట ఆరు నెలల పాతది. నెలకి తెచ్చుకోవచ్చు గానీ చూసి తెచ్చుకోవాలి.

పాయని అరచేతిలో పెట్టి బరువు చూడండి. పరిమాణానికి తగ్గ బరువుండాలి. చుట్టూ ఒక్కో రెబ్బనీ వేలితో నొక్కండి. ఒకటి లొత్తగా లోపలికి పోతే అది ఎండిపోయింది, రెండు అలా ఉంటే ఆ పాయ వద్దు. తర్వాత ఒక రెబ్బ ఒలిచి నిలువుగా చీల్చండి. మధ్యలో సన్నటి మొలక ఉంటుంది. తెల్లగా, రెబ్బ పొడుగులో సగం లోపు ఉంటే నెలకి సరిపోతుంది. ఆకుపచ్చగా కొసదాకా చేరితే రెండు వారాల్లో బయటికొస్తుంది, పైగా అలాంటి రెబ్బ నూరితే చేదు తగులుతుంది. ఆ సరుకు కావాలంటే పావుకిలో చాలు.

కొట్లో ఇంకో కుప్ప ఉంటుంది, పాయ నుంచి విడిపోయిన రెబ్బలు. కిలోకి చాలా తగ్గించి అమ్ముతారు. అల్లం వెల్లుల్లి ముద్ద ఆ వారమే చేసుకునేవాళ్లకి అది మంచి బేరం. నిలవకి మాత్రం కాదు, ఎందుకంటే పాయ నుంచి విడిపోయినప్పుడే రెబ్బ అడుగున పొర తెగి ఉంటుంది, అక్కడి నుంచి ఎండుతుంది లేదా బూజు పడుతుంది. నేను నెలకి కిలో పాయలు, ఆ వారం ముద్దకి పావుకిలో రెబ్బలు తీసుకుంటాను. వెల్లుల్లి ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి తర్వాత బయటికి తీస్తే మొలక త్వరగా వస్తుంది.

ఇంటికి తెచ్చాక

తెచ్చిన రోజే బస్తా విప్పి ఉల్లిని నులకమంచం మీద ఒక రోజంతా ఫ్యాను కింద పరుస్తాం. మంచం కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. అక్కడే మెత్తవి, దెబ్బ తగిలినవి, జంటలు వేరే బుట్టలోకి తీస్తాం, ముందు వండేవి అవి. వేళ్లూ పొట్టూ తీయకూడదు. మిగిలినవి వెదురు గంపలోనో వల సంచిలోనో, గోడకి ఆనకుండా. ప్లాస్టిక్ సంచి అసలు వద్దు.

దుంపని ఉల్లి పక్కన పెట్టకూడదని అందరూ అంటారు. దానికి ఏవేవో కారణాలు చెబుతారు గానీ నాకు కనబడే కారణాలు రెండే. దుంప నుంచి తేమ వస్తుంది, అది ఉల్లిని కుళ్లబెడుతుంది. దుంపకి చీకటి కావాలి, ఉల్లికి గాలి కావాలి. మా ఇంట్లో దుంపలు మెట్ల కింద గోనెసంచి మీద, పైన ఇంకో గోనె కప్పి ఉంటాయి. ఉల్లి వరండాలో, వెల్లుల్లి వంటింటి కిటికీ దగ్గర మేకుకి వేలాడుతుంది, పొయ్యి ఆవిరి తగలనంత దూరంలో.

ప్రతి ఆదివారం గంపలో ఉల్లి మొత్తం ఒకసారి చేత్తో తిప్పుతాను. అయిదు నిమిషాల పని. ఈసారి మొదటి ఆదివారం రెండు మెత్తబడ్డాయి, రెండో వారం ఒకటి, అన్నీ కర్నూలువే. పాతవాటిలో నెలాఖరుకి అయిదారు మొలకెత్తాయి. కోసి చూస్తే లోపల పచ్చగా ఉంది, చుట్టూ పొరలు ఇంకా గట్టిగానే ఉన్నాయి, పులుసులో వేసేశాను.

వచ్చే నెలకి కొనడం మాత్రం ఇంత ఉండదు. దీపావళి మర్నాటి నుంచి కార్తీకమాసం, మా మూడిళ్లలోనూ ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. అమావాస్యకి గంప ఖాళీ అవ్వాలి. అందుకని దసరా తర్వాత మూడిళ్లకీ కలిపి ఇరవై కిలోలే తెస్తాం, అన్నీ కొత్తవే. రెండు వారాల్లో అయిపోయే సరుక్కి పాతవాటి ధర ఎందుకు పెట్టాలి?